సూర్యగ్రహణం, చంద్రగ్రహణం: ఏది ఎందుకు పడుతుంది, దేన్ని ఎలా చూడాలి

గ్రహణం వస్తుందనగానే కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి రెండే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. పిల్లలకు చూపించొచ్చా? చూపిస్తే దేనితో చూపించాలి? "బయటికి పోవాకు నాయనా" అని అవ్వ ఒక పక్క, "సార్ చూడమన్నాడు" అని పిల్లలు ఒక పక్క లాగుతుంటే తల్లిదండ్రులకు టెన్షన్ సహజం.

ముందుగా జవాబు చెప్పేస్తాను. చంద్రగ్రహణాన్ని ఎవరైనా, ఎంతసేపైనా, మామూలు కళ్లతో చూడొచ్చు. సూర్యగ్రహణాన్ని మన మూడు జిల్లాల్లో ఏ నిమిషంలోనూ నేరుగా చూడకూడదు. ఫిల్టర్ కళ్లద్దాలతో చూడాలి, లేదా సూర్యుడి బొమ్మను కాగితం మీదో గోడ మీదో పడేట్టు చేసుకుని చూడాలి. ఇలా బొమ్మ పడేట్టు చేసుకోవడానికి ఖర్చు దాదాపు ఉండదు, ఊళ్లో అందరూ చేసుకోవచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దానికే ఇచ్చాను.

## 1. ముందు ఇది తేల్చుకోండి: అమావాస్యా, పున్నమా?

సూర్యగ్రహణం అమావాస్య నాడే పడుతుంది. చంద్రగ్రహణం పున్నమి నాడే పడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఏ జాగ్రత్త తీసుకోవాలో తేలిపోతుంది.

అమావాస్య నాడు చంద్రుడు మనకూ సూర్యుడికీ మధ్యకు వచ్చి సూర్యుడిని కప్పుతాడు. మనం చూసేది సూర్యుడినే. కప్పకుండా మిగిలిన సన్నని అంచు కూడా అసలు సూర్యుడే, దాని తీవ్రత ఏమాత్రం తగ్గదు.

పున్నమి నాడు భూమి మధ్యలో ఉంటుంది. భూమి నీడ వెళ్లి చంద్రుడి మీద పడుతుంది. అప్పుడు సూర్యుడు మన కాళ్ల కింద, భూమికి అవతలి పక్క ఉంటాడు. మనం చూసేది నీడ పడిన చంద్రుడిని, అంటే మామూలు పున్నమి చంద్రుడి కంటే తక్కువ వెలుగున్న వస్తువుని. అందులో కంటికి హాని చేసేదేమీ లేదు.

## 2. ఎందుకు ప్రతి నెలా పట్టదు? బత్తాయితో చేసి చూడండి

ప్రతి నెలా అమావాస్య, పున్నమి వస్తున్నా గ్రహణం మాత్రం ఎప్పుడో గానీ రాదు. ఎందుకో మాటల్లో చెబితే పిల్లలకు సగమే అర్థమవుతుంది. కొలతలతో చేసి చూపిస్తే వెంటనే పట్టుకుంటారు.

ఏడున్నర సెంటీమీటర్ల బత్తాయి ఒకటి తీసుకోండి. అనంతపురంలో దానికి కొదవ లేదు. ఇది భూమి. ఈ లెక్కలో చంద్రుడు రెండు సెంటీమీటర్లు, అంటే ఒక మోస్తరు ఉసిరికాయంత ఉండాలి. ఇప్పుడు ఉసిరికాయను బత్తాయి నుంచి రెండుంబావు మీటర్ల దూరంలో పెట్టండి. చాలామంది పుస్తకంలో బొమ్మ చూసి జానెడు దూరంలో పెడతారు. అక్కడే అర్థం చెడిపోతుంది.

చంద్రుడు తిరిగే దారి, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. రెండుంబావు మీటర్ల దూరంలో ఆ వాలు ఇరవై సెంటీమీటర్లు అవుతుంది. అంటే నెల నెలా ఉసిరికాయ బత్తాయి ఎత్తు కంటే ఇరవై సెంటీమీటర్ల దాకా పైనుంచో కిందనుంచో పోవచ్చు. అంత దూరానికి చేరేసరికి బత్తాయి ముదురు నీడ సన్నబడి ఐదున్నర సెంటీమీటర్లే ఉంటుంది. అందుకే చాలా పున్నములకు చంద్రుడు నీడను తాకకుండానే దాటిపోతాడు. చాలా అమావాస్యలకు చంద్రుడి నీడ భూమికి పైనుంచో కిందనుంచో పోతుంది.

రెండు దారులు ఒకదాన్నొకటి దాటే చోట్లు రెండున్నాయి. పంచాంగంలో రాహువు, కేతువు అనేది ఆ రెండు బిందువులకే. అమావాస్య గానీ పున్నమి గానీ ఆ బిందువుల దగ్గర పడితేనే గ్రహణం.

ఇదే బత్తాయి ఇంకో విషయం కూడా చెబుతుంది. చంద్రుడి ముదురు నీడ భూమిని చేరేసరికి సన్నబడి, బత్తాయి తొక్క మీద రెండు మిల్లీమీటర్ల చుక్క కూడా ఉండదు. నిజమైన భూమి మీద అది మహా అయితే 270 కిలోమీటర్ల వెడల్పు. ఆ దారిలో ఉన్నవాళ్లకే సంపూర్ణ సూర్యగ్రహణం. దారికి పక్కనున్న మనలాంటి వాళ్లకు పాక్షికమే, ఇంకా దూరంగా ఉన్నవాళ్లకు అసలు కనపడదు. చంద్రగ్రహణం అలా కాదు. నీడ పడేది చంద్రుడి మీద కాబట్టి, ఆ సమయంలో ఆకాశంలో చంద్రుడు ఉన్న ప్రతి ఊరికీ ఒకేలా కనపడుతుంది.

## 3. తేదీ, వేళ ఎలా చూసుకోవాలి?

టీవీలో "ఈ నెల గ్రహణం" అన్నంత మాత్రాన మన ఊరికి కనపడుతుందని కాదు. మూడు సంగతులు చూసుకోండి.

- మన ఊరికి కనపడుతుందా లేదా? పంచాంగంలో గ్రహణం పట్టే స్పర్శ కాలం, నడిమి మధ్య కాలం, విడిచే మోక్ష కాలం ఇస్తారు. కనపడని గ్రహణమైతే ఆ మాట రాస్తారు.
- ఆ వేళకు సూర్యుడు లేదా చంద్రుడు ఆకాశంలో ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉంటాడు?
- ఇచ్చిన వేళ ఏ ఊరిది?

మూడోది చాలామంది పట్టించుకోరు. చంద్రగ్రహణానికైతే దేశమంతా ఒకే వేళ, చింత లేదు. సూర్యగ్రహణంలో నీడ భూమి మీద పరిగెత్తుతుంది కాబట్టి ఢిల్లీ వేళకూ కడప వేళకూ తేడా ఉంటుంది. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఊరి వారీగా వేళలు ఇస్తుంది. మీ ఊరి పేరు లేకపోతే దగ్గరి పట్టణం వేళ తీసుకుని, ఒక పావుగంట ముందే సిద్ధంగా ఉండండి.

మన దగ్గర చూడదగ్గవి మూడు చెబుతాను.

2027 ఆగస్టు 2, సోమవారం, ఆషాఢ అమావాస్య. సంపూర్ణ నీడ ఉత్తర ఆఫ్రికా, అరేబియా మీదుగా పోయి హిందూ మహాసముద్రంలో ముగుస్తుంది. మనకు సాయంత్రం పూట పాక్షిక సూర్యగ్రహణం.

2028 డిసెంబర్ 31, ఆదివారం రాత్రి. సంపూర్ణ చంద్రగ్రహణం. మొదటి నుంచి చివరి దాకా కనపడుతుంది.

2031 మే 21. కేరళ, తమిళనాడు దక్షిణ భాగంలో కంకణ సూర్యగ్రహణం, అంటే చంద్రుడి చుట్టూ సూర్యుడి అంచు కంకణంలా మిగిలిపోయేది. మనకు పాక్షికమే గానీ సూర్యుడిలో సగానికి పైగా కప్పుకుంటుంది.

## 4. సూర్యగ్రహణానికి మొదటి పద్ధతి: సూది చిల్లు

కావలసినవి:

- పోస్ట్‌కార్డంత గట్టి అట్ట ఒకటి
- అన్నం పొట్లాలకు వాడే వెండి రంగు ఫాయిల్ ముక్క
- సూది, టేపు
- తెల్ల కాగితం, దాన్ని అంటించడానికి ఇంకో అట్ట

చేసే వరుస ఇది. మొదటి అట్ట మధ్యలో రెండు వేళ్లు పట్టేంత కిటికీ కోయండి. దాని మీద ఫాయిల్ ముడతల్లేకుండా టేపుతో అంటించండి. ఫాయిల్‌ను ఏదైనా మెత్తని అట్ట మీద పెట్టి సూదితో ఒక్క చిల్లు, సుమారు ఒక మిల్లీమీటరుది, పొడవండి. అట్టకే నేరుగా పొడిస్తే అంచులు పీచులుగా లేచి బొమ్మ మసకబారుతుంది. ఫాయిల్ వాడేది అందుకే.

వీపు సూర్యుడి వైపు పెట్టి నిలబడండి. చిల్లున్న అట్టను భుజం పక్కగా పట్టుకుని, దాని గుండా వచ్చే ఎండ ఎదురుగా ఉన్న తెల్ల కాగితం మీద పడేట్టు చేయండి. కాగితం మీద చిన్న గుండ్రని వెలుగు కనపడుతుంది. అది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. గ్రహణం వేళ అదే కొడవలిలా మారుతుంది. ఈ బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి పడుతుందని పిల్లలకు ముందే చెప్పండి.

బొమ్మ ఎంత పెద్దగా వస్తుందనేది అట్టకూ కాగితానికీ మధ్య దూరం మీదే ఆధారపడుతుంది. మీటరు దూరానికి 9 మిల్లీమీటర్లు వస్తుంది. అర మీటరైతే నాలుగున్నర మాత్రమే, అంత చిన్న దాంట్లో కొరుకుడు తెలియడం కష్టం. రెండు మీటర్లకు 18 మిల్లీమీటర్లు. అందుకని ఒక్కరే రెండు అట్టలూ పట్టుకునే కంటే ఒకరు అట్ట, ఇంకొకరు కాగితం పట్టుకోవడం మేలు.

బొమ్మ పెద్దగా రావాలని చిల్లును పెద్దది చేసే పొరపాటు చాలామంది చేస్తారు. చిల్లు పెరిగితే వెలుగు పెరుగుతుంది, బొమ్మ మాత్రం మసకబారుతుంది. బొమ్మ పెరగాలంటే దూరం పెంచాలి. మీటరు దూరానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చిల్లు చాలు. నాలుగైదు మీటర్లకు మూడు మిల్లీమీటర్ల దాకా పోవచ్చు.

సరిగ్గా వచ్చిందో లేదో గ్రహణానికి ముందే పరీక్షించుకోండి. ఇంకో ఫాయిల్‌లో సన్నని బ్లేడు మొనతో చిన్న చదరపు చిల్లు చేసి అదే దూరంలో పట్టండి. కాగితం మీద అప్పుడూ గుండ్రటి వెలుగే పడితే మీ దూరం సరిపోయినట్టు. చదరంగా పడితే కాగితం మరీ దగ్గరగా ఉంది, లేదా చిల్లు మరీ పెద్దది.

మన ఇళ్లలో ఎదురయ్యే ఇబ్బంది ఇంకొకటుంది. మిద్దె మీదో అరుగు మీదో కడప బండలు పరిచి ఉంటాయి. నల్ల బండ మీద బొమ్మ పడినా కనపడదు. తెల్ల కాగితం పరచండి, లేదా సున్నం వేసిన గోడ వాడండి. పిండి జల్లెడ పట్టుకుంటే వందల బొమ్మలు వస్తాయని కొందరు ప్రయత్నిస్తారు. దాని కళ్లు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పడి వట్టి మసక వెలుగే మిగులుతుంది. అట్టకు వేలెడు ఎడంగా చిల్లులు పొడిస్తే బాగా వస్తాయి. పేరులో అక్షరాలుగా పొడిచి ఇస్తే పిల్లలు పైకి చూడాలన్న మాటే మర్చిపోతారు.

చింతచెట్టు, వేపచెట్టు కింద కూడా చూడండి. ఆకుల సందులు సూది చిల్లుల్లాగే పనిచేసి నేలంతా కొడవళ్లు పరుస్తాయి.

ఒక్క హెచ్చరిక: చిల్లు గుండా సూర్యుడిని చూడకూడదు. చిన్నపిల్లలు అట్ట చేతికివ్వగానే చేసే మొదటి పని అదే. అట్ట ఇవ్వకముందే వీపు సూర్యుడి వైపు తిప్పి నిలబెట్టండి.

## 5. రెండో పద్ధతి: తరగతి గదికి అద్దం

నలభై మంది పిల్లలుంటే సూది చిల్లు చాలదు. చిన్న చదునైన అద్దం ఒకటి తీసుకుని, 5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉన్న నల్ల కాగితంతో దాన్ని పూర్తిగా కప్పండి. గడ్డం గీసుకోవడానికి వాడే, ముఖం పెద్దగా చూపే వంపు అద్దం వద్దు. అది ఎండను ఒకచోట కూడగడుతుంది.

గిన్నె నిండా ఇసుక పోసి అద్దాన్ని అందులో గుచ్చండి. ఎండలో స్టూలు వేసి, దాని మీద గిన్నె పెట్టి, ప్రతిఫలించిన వెలుగు తలుపు గుండా గది లోపలి గోడ మీద పడేట్టు తిప్పండి. మిగతా కిటికీలు మూసేయండి. అద్దానికీ గోడకూ మధ్య 10 మీటర్లుంటే గోడ మీద 9 సెంటీమీటర్ల సూర్యుడు వస్తాడు. గదిలో అందరికీ కనపడేంత బొమ్మ ఇది. గది చిన్నదైతే అద్దాన్ని వరండా దాటించి ఆవరణలో పెట్టండి.

బొమ్మ ఒకచోట నిలవదు. సుమారు రెండు నిమిషాలకు తన వెడల్పంత జరుగుతుంది. అద్దం దగ్గర పెద్దవాళ్లు ఒకరు కూర్చుని సర్దుతూ ఉండాలి. వాళ్లకు ఇంకో పని కూడా ఉంది: పిల్లలెవరూ అద్దం వైపు ముఖం పెట్టకుండా చూడటం. అద్దంలో కనపడే సూర్యుడు పైనున్న సూర్యుడంత ప్రమాదం. వెలుగు పోయే దారికి అడ్డంగా ఎవరూ నడవకుండా రెండు బెంచీలు వేసేయండి.

## 6. మూడో పద్ధతి: గ్రహణం కళ్లద్దాలు

నేరుగా చూడాలంటే ఇవొక్కటే దారి. మీద ఐఎస్ఓ 12312-2 అని రాసి ఉండాలి. అయితే ఆ అంకె ఎవరైనా అచ్చు వేయొచ్చు కాబట్టి మీరూ పరీక్షించండి. కళ్లద్దాలు పెట్టుకుని ఇంట్లో చుట్టూ చూడండి. గోడ, తలుపు, మనుషులు ఏదీ కనపడకూడదు. వెలుగుతున్న ఎల్ఈడీ బల్బును దగ్గర్నుంచి చూస్తే మహా అయితే మసకగా తెలియొచ్చు. గదిలో సామాన్లు కనపడుతుంటే అవి గ్రహణానికి పనికిరావు.

వాడే ముందు చూసుకోవలసినవి:

- గీతలు, చిల్లులు, మడతలు లేవు
- ఫిల్టర్ అట్ట నుంచి ఊడిరాలేదు
- చూపు కళ్లజోడు ఉన్నవాళ్లు దాని మీదుగానే పెట్టుకున్నారు
- పిల్లలకు జారకుండా వెనక రబ్బరు బ్యాండ్ కట్టారు

తల దించి పెట్టుకుని, తర్వాత పైకి చూడాలి. తీసేటప్పుడు మళ్లీ తల దించాకే తీయాలి. వీటిని పెట్టుకుని బైనాక్యులర్ గుండా చూడటం ఘోరమైన పొరపాటు. బైనాక్యులర్ కూడగట్టిన ఎండ ఫిల్టర్‌ను కాల్చి కంటిలోకి దూరుతుంది. వెల్డింగ్ షాపు అద్దమైతే 14వ నంబరు తీసుకోండి. షాపుల్లో మామూలుగా వాడేవి అంతకంటే పలచనివి, అవి చాలవు. నంబరు చదవలేకపోతే ఆ అద్దాన్ని వదిలేయండి.

## 7. పనికిరానివి, ఎందుకు పనికిరావో

సరైన ఫిల్టర్ సూర్యుడి వెలుగులో లక్షకు మూడు వంతులే లోపలికి వదులుతుంది. మిగతా వాటిని ఈ లెక్కతోనే చూడాలి.

మన ఊళ్లలో ఎక్కువగా నమ్మేది పళ్లెంలో పసుపు నీళ్లు. నీళ్లలో చూస్తే పరవాలేదని పెద్దలు చెబుతారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీళ్లు నూటికి రెండు వంతుల వెలుగును తిప్పికొడతాయి. అంటే లక్షకు రెండు వేలు. ఫిల్టర్ వదిలే దానికి ఇది ఆరువందల రెట్లు పైనే. సాయంత్రం సూర్యుడు వాలేకొద్దీ నీటి పైనుంచి వచ్చే వెలుగు ఇంకా పెరుగుతుంది. పసుపు కలిపినా, పేడ కలిపినా నీటి పైభాగం తిప్పికొట్టే వెలుగు తగ్గదు. దయచేసి ఈ పద్ధతి మానేయండి.

ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు, రెండు మూడు కూలింగ్ గ్లాసులు కలిపి పెట్టుకోవడం, సీడీలు: ఇవన్నీ వెలుగు తగ్గినట్టు అనిపించేలా చేస్తాయి. కంటికి కనపడని పరారుణ కిరణాలు మాత్రం లోపలికి పోతూనే ఉంటాయి. పైగా ముందు చీకటిగా ఉండటంతో కంటిపాప విప్పారి ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. కన్ను మూసుకోవాలనిపించకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

"ఒక్క సెకను చూస్తే ఏమవుతుంది" అనేది ఇంకో మాట. మామూలు రోజు సూర్యుడిని చూడలేం, కన్ను దానంతట అదే పక్కకు తిరుగుతుంది. గ్రహణం నాడు చూడాలన్న పట్టుదలతో మనమే ఆ కన్నును అక్కడ నిలబెడతాం. కంటి లోపలి రెటీనాకు నొప్పి తెలియదు. కాలుతున్నా మనకు తెలిసేది ఏమీ ఉండదు.

గర్భిణుల గురించి కూడా అడుగుతారు. గ్రహణం వల్ల కడుపులో బిడ్డకు ఏమీ కాదు. అందరిలాగే వాళ్లూ సూర్యుడిని నేరుగా చూడకూడదు, అంతే. ఆగస్టు ఉక్కలో గంటల తరబడి నీళ్లు కూడా తాగకుండా కదలకుండా పడుకోబెట్టడమే వాళ్లకు కష్టం.

## 8. 2027 ఆగస్టు 2 సాయంత్రం: వరుసగా ఏం చేయాలి?

కర్నూలు పట్టణంలో ఒక మిద్దె అనుకుందాం. అనంతపురానికీ కడపకూ ఇదే వర్తిస్తుంది.

వారం ముందు. అదే వేళకు మిద్దె ఎక్కి సూర్యుడు ఎక్కడున్నాడో నీడ చూసి తెలుసుకోండి. ఆ రోజుల్లో సాయంత్రం ఐదింటికి సూర్యుడు పడమరకు కొద్దిగా ఉత్తరంగా, నేల నుంచి సుమారు 25 డిగ్రీల ఎత్తున ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి పడితే ఒక పిడికిలి సుమారు 10 డిగ్రీలు, కాబట్టి రెండున్నర పిడికిళ్లు. ఆ దిక్కున పక్కింటి గోడో చెట్టో అడ్డం వస్తే వేరే చోటు చూసుకోండి. చుట్టూ కొండలున్న కడపలో కూడా ఇంత ఎత్తుకు సాధారణంగా అడ్డం ఉండదు, ఎటొచ్చీ చివర్లోనే ఇబ్బంది.

ముందు రోజు. సూది చిల్లు అట్టను ఎండలో పరీక్షించండి. సూర్యుడు వాలి ఉంటాడు కాబట్టి బొమ్మ నేల మీద కాకుండా తూర్పు వైపు గోడ మీద పడుతుంది. మిద్దె తూర్పు పిట్టగోడకు తెల్ల కాగితం అంటించి, పడమర వైపు కుర్చీకి అట్టను కట్టేస్తే చేతులు నొప్పెట్టవు.

ఆ రోజు. సోమవారం కాబట్టి పిల్లలు బడి నుంచి వచ్చే వేళ. దారిలో పైకి చూడొద్దని పొద్దున్నే చెప్పి పంపండి. మీ ఊరి స్పర్శ కాలానికి పావుగంట ముందే బొమ్మ సిద్ధంగా ఉంచండి. మొదట గుండ్రంగానే ఉంటుంది. నీడ దారి మనకు నైరుతిగా పోతుంది కాబట్టి, కళ్లద్దాలతో పడమరకు తిరిగి చూసేవాళ్లకు సూర్యుడి కింది ఎడమ వైపు నుంచి కొరుకుడు మొదలై ఎడమ పక్కగా పైకి జరుగుతుంది. గోడ మీది బొమ్మ తలకిందులు కాబట్టి పక్కలు మారతాయి.

ప్రతి పది నిమిషాలకూ కాగితం మీద పెన్సిల్‌తో బొమ్మ అంచు గీసి, పక్కన వేళ రాయండి. మధ్య కాలం ఎప్పుడో ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఆ గీతలే చెబుతాయి.

చీకటి పడుతుందని ఎదురుచూడొద్దు. మనకు సూర్యుడిలో చిన్న భాగమే కప్పుకుంటుంది, ఎండ కొద్దిగా మెత్తబడినట్టు కూడా అనిపించకపోవచ్చు. బయట మామూలుగా ఉంది కదా అని గ్రహణం లేదనుకుని పైకి చూసేవాళ్లు ఇలాంటి రోజుల్లోనే ఉంటారు.

మబ్బు పడితే. ఆగస్టు కాబట్టి ఇది జరగొచ్చు. పలచని మబ్బులో సూర్యుడు తెల్లని పళ్లెంలా కనపడినప్పుడు చూడొచ్చనిపిస్తుంది. మబ్బు ఒక్క క్షణంలో తొలగిపోతుంది, కన్ను అప్పటికే అక్కడుంటుంది. మబ్బులోనూ కళ్లద్దాలు తీయొద్దు. సూది చిల్లుకు మాత్రం నికరమైన ఎండ కావాలి, నీడ స్పష్టంగా పడనప్పుడు బొమ్మ రాదు.

2031 మే 21న పరిస్థితి వేరు. అప్పుడు గ్రహణం ముదిరేది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో, సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అట్టను తల ఎత్తులో అడ్డంగా పట్టుకుని, కాగితం నేల మీద పరవాలి. మే ఎండ గనుక చెట్టు నీడలో నిలబడి నేల మీది కొడవళ్లను చూడటమే హాయి.

సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా కప్పుకున్న ఆ కొద్ది నిమిషాలు మామూలు కంటితో చూడొచ్చని చదివి ఉంటారు. అది నిజమే, సంపూర్ణ నీడ దారిలో ఉన్నవాళ్లకు మాత్రమే. ఈ రెండు గ్రహణాల్లోనూ మన మూడు జిల్లాలకు అలాంటి నిమిషం ఒక్కటీ లేదు. కంకణ గ్రహణంలో కంకణం దారిలో ఉన్నవాళ్లకు కూడా లేదు.

## 9. ఎవరైనా నేరుగా చూసేస్తే

అప్పటికప్పుడు ఏమీ తెలియకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు పొద్దున తెలుస్తుంది. ఒక కన్ను మూసి ఇంకో కంటితో గీతల నోటుబుక్కు చూడమనండి, తర్వాత కన్ను మార్చండి. ఇవి గమనించండి:

- చూస్తున్న చోటే, సరిగ్గా మధ్యలో, మచ్చ
- గీతలు వంకరగా కనపడటం
- అక్షరాలు చదవలేకపోవడం
- రంగులు వెలిసినట్టుండటం

వీటిలో ఏదున్నా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, రెటీనా చూసే డాక్టర్ అయితే ఇంకా మంచిది. ఏం చూశారో, ఎంతసేపు చూశారో దాచకుండా చెప్పాలి. పిల్లలు తిడతారని దాస్తారు, కాబట్టి ముందు తిట్టకండి. ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయొద్దు, కళ్లు నలపొద్దు. దీనికి ఖాయంగా నయం చేసే మందు లేదు. చాలామందికి నెలల్లో చూపు కొంత తిరిగొస్తుంది, కొందరికి మచ్చ ఉండిపోతుంది.

## 10. చంద్రగ్రహణం: 2028 డిసెంబర్ 31 రాత్రి

దీనికి ఏర్పాట్లు తక్కువ. మిద్దె, చాప, శాలువా. బైనాక్యులర్ ఉంటే నిర్భయంగా వాడండి, చంద్రుడి విషయంలో దానివల్ల మేలే.

రాత్రి 8:38 ప్రాంతంలో భూమి ముదురు నీడ చంద్రుడిని తాకుతుంది. అప్పటికి గంట ముందు నుంచే పలచని నీడ పడుతూ ఉంటుంది గానీ కంటికి ఆనదు. అందుకే పంచాంగంలో స్పర్శ కాలం ముదురు నీడ నుంచే లెక్కిస్తారు. చంద్రుడు అప్పుడు తూర్పు ఆకాశంలో ఉంటాడు. తనే తూర్పుకు కదులుతూ నీడలోకి దూరతాడు కాబట్టి కింది అంచు ముందు నల్లబడుతుంది. నీడ అంచు వంపు తిరిగి ఉండటం గమనించండి. అది మన భూమి గుండ్రదనం.

సుమారు 9:46 నుంచి 10:57 దాకా సంపూర్ణం. చంద్రుడు మాయమవడు, రాగి రంగుకు తిరుగుతాడు. భూమి చుట్టూ ఉన్న గాలి పొరలో వంగి వచ్చిన సూర్యకాంతి ఆ చీకటిలోకి చేరుతుంది. దారిలో నీలం రంగు చెదిరిపోయి ఎరుపే మిగులుతుంది, సాయంత్రపు ఎరుపుకు ఉన్న కారణమే దీనికీ. ఎరుపు ఏ చోట ముదురుగా ఉందో, ఏ అంచున పలచగా ఉందో చూడండి. నీడ మధ్యకు దగ్గరగా ఉన్న వైపు ముదురుగా ఉంటుంది.

పున్నమి వెలుగులో మరుగైన చుక్కలు కూడా అప్పుడు బయటపడతాయి. ఫోను వెలుగు పక్కన పెట్టి పది నిమిషాలు చీకటికి అలవాటు పడితే ఎరుపు రంగు, చుక్కలు రెండూ బాగా తెలుస్తాయి.

ఫోటో తీయాలంటే చేత్తో పట్టుకుంటే సంపూర్ణ దశలో చెదిరిపోతుంది. ఫోనును కుర్చీ వీపుకో ఇటుకలకో ఆనించి, నైట్ మోడ్‌లో, టైమర్ మూడు సెకన్లు పెట్టి తీయండి. పాక్షిక దశలో మాత్రం వెలుగున్న భాగం తెల్లగా మండిపోతుంది. తెర మీద చంద్రుడిని వేలితో తాకి, వెలుగు గీతను కిందికి లాగితే నీడ అంచు కనపడుతుంది.

ముదురు నీడ పూర్తిగా విడిచేసరికి రాత్రి 12:06 అవుతుంది. పిల్లలు అంతసేపు మేలుకోలేకపోతే తొమ్మిదింబావుకు లేపండి. సగం నల్లబడిన చంద్రుడు ఎర్రబడేదాకా ఉండే ఆ అరగంట పైన సమయమే చూడవలసిన భాగం. తర్వాత విడిచే దశలో అదే వరుస వెనక్కి నడుస్తుంది.